గులాబీ విగ్గు నుదుటికి అతికించినట్టే కనిపిస్తోంది, ఏం చేయాలి?

కొమ్ములరాణి: ఒక పాత్ర వేషం కోసం స్నేహితురాలి ఫోటోకు కంప్యూటర్‌లో గులాబీ విగ్గు, కొమ్ముల హెయిర్‌బ్యాండు, గుండ్రటి కళ్లజోడు పెడుతున్నాను. ఆమె కిటికీ పక్కన కూర్చుంది, వెలుగు ఎడమ నుంచి పడుతోంది. విగ్గును తెల్లటి గోడ ముందు తీసిన వేరే ఫోటో నుంచి కత్తిరించాను. కొలత సరిపోయినా కాగితం కోసి అంటించినట్టుంది. Drop Shadow పెడితే ఇంకా అధ్వానమైంది. కళ్లజోడు అద్దాల్లో మెరుపు ఎలా తేవాలో కూడా చెప్పండి.

రంగులపెట్టె: విగ్గు వెతకడం ఎందుకు? ఆమె జుట్టు మీదే కొత్త లేయర్ వేసి, Color మోడ్‌లో గులాబీ పూయండి. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను, రెండు నిమిషాల పని.

నీడలమనిషి: నల్ల జుట్టు మీద అది పనిచేయదు. Color మోడ్ రంగును మాత్రమే మారుస్తుంది, కింది వెలుగు స్థాయిని ముట్టుకోదు. నలుపు నలుపుగానే ఉంటుంది, మెరుపు పడిన నాలుగు పాయల్లో మాత్రం గులాబీ ఛాయ కనిపిస్తుంది.

రంగులపెట్టె: ముందు Curvesతో జుట్టును తేలిక చేస్తే వస్తుంది. నేను చేసిన ఊదా జుట్టు చూసి అందరూ నిజమనుకున్నారు.

నీడలమనిషి: ముదురు ఊదా వస్తుంది, ముదురు నీలమూ వస్తుంది, కాదనను. లేత గులాబీ కావాలంటే నలుపును ఎంతో పైకి లాగాలి. అప్పుడు పాయల మధ్య వివరం పోయి ఇసుక చల్లినట్టు గరుకు తేలుతుంది. అడిగింది లేత గులాబీ గురించి.

కుట్టుమిషను: అసలు విగ్గు పెట్టి ఫోటో తీస్తే ఈ గొడవే ఉండదు కదా? జుట్టు బిగించి జడవేసి, పైన విగ్గు టోపీ వేసి, పిన్నులు గుచ్చితే జారదు. నేను మూడు వేషాలు అలాగే కట్టాను.

కొమ్ములరాణి: ఫోటో ఇప్పటికే తీసేశామండీ. ఆమె ఇప్పుడు దూరంగా ఉంది.

నీడలమనిషి: Drop Shadow తీసేయండి. అది విగ్గు చుట్టూ ఒకే తీరులో పడుతుంది, వెనుక గోడ మీద కూడా పడుతుంది. ముఖానికీ విగ్గుకూ మధ్య Multiply మోడ్‌లో ఒక లేయర్ పెట్టి, నీడను చేత్తో గీయండి. నలుపు వాడకండి, చర్మం బూడిద పూసినట్టు అవుతుంది. ఆమె గడ్డం కింద ఇప్పటికే ఉన్న నీడ నుంచి రంగు తీసుకోండి. ముంగురులు నుదుటిని తాకే చోట నీడ సన్నగా, ముదురుగా ఉండాలి. దూరం జరిగేకొద్దీ మెత్తబడాలి. వెలుగు ఎడమ నుంచి కాబట్టి ప్రతి పాయ నీడా కొద్దిగా కుడికి ఒరగాలి.

పాతకెమెరా: నీడ సంగతి తర్వాత. విగ్గు ఫోటోలో వెలుగు ఏ పక్క నుంచి ఉందో ఎవరైనా అడిగారా?

కొమ్ములరాణి: ఇప్పుడే చూశాను. కుడి నుంచి!

పాతకెమెరా: అదే దోషం. విగ్గును అడ్డంగా తిప్పేయండి.

ముంగురులు: తిప్పకండి! తిప్పితే పాపిట అటుది ఇటవుతుంది. వేషం కట్టేది ఒక పాత్రకు. పాపిట తప్పు పక్కన ఉంటే ఆ పాత్రను ప్రేమించేవాళ్లు మొదట చూసేది దాన్నే.

పాతకెమెరా: ముప్పై ఏళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. వెలుగు తప్పితే బొమ్మ మొత్తం అబద్ధమవుతుంది. పాపిట ఎవరు చూస్తారు?

ముంగురులు: మేము చూస్తాం. మీకు తెలియని లోకాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి.

నీడలమనిషి: తిప్పాల్సింది ముఖం ఫోటోనైనా కావచ్చు. కానీ స్నేహితురాలి ముఖం అద్దంలోలా మారితే ఎరిగినవాళ్లకు తేడా తెలుస్తుంది. విగ్గు మెరుపులు మరీ గట్టిగా లేకపోతే, కుడివైపు మెరుపును తగ్గించి ఎడమవైపు పాయలను తేలిక చేయవచ్చు.

పాతకెమెరా: మెరుపు గట్టిగా ఉంటే ఆ పని అతుకే అవుతుంది. నా మాట మార్చుకోను.

దువ్వెన: అంచుల్లో తెల్లటి గీత ఉందా? తెల్ల గోడ ముందు తీసినవాటికి తప్పకుండా ఉంటుంది. విగ్గు లేయర్‌లో పారదర్శక భాగాన్ని లాక్ చేసి, పక్క పాయ నుంచి గులాబీ తీసుకుని, మెత్తటి బ్రష్‌తో అంచు వెంబడి పూయండి. తెలుపు పోతుంది, వెంట్రుకల ఆకారం మిగులుతుంది. హెయిర్‌బ్యాండును విగ్గు మీద ఊరికే పెట్టేయకండి, రెండు మూడు పాయలను దాని పైకి తీసుకురండి. లేకపోతే కొమ్ములు గాలిలో తేలతాయి.

కొమ్ములరాణి: పాపిట మార్చలేదు. మెరుపులే సరిచేసి, గడ్డం కింది రంగుతో నీడ గీశాను. మొదటిసారి విగ్గు తలమీద కూర్చుంది! తెల్ల గీత కూడా పోయింది. ఇక మెడ వెనుక ఆమె నల్ల జుట్టు రెండు పాయలు బయటికి కనిపిస్తున్నాయి. వాటి మీద గోడను పూయాలా, విగ్గును కిందికి పొడిగించాలా?

ముంగురులు: పొడిగించండి. ఆ పాత్ర జుట్టు భుజాల దాకా ఉంటుంది.

పాతకెమెరా: గోడ పూయండి.