బేస్తవారం తర్వాత శుక్రవారమే ఎందుకు? వారాల వరుస మనదా, యవనులదా?

గుత్తికోట (అడిగినవారు):
మనం బేస్తవారం అంటాం, రోమ్ వాళ్ళు అదే రోజును జూపిటర్ దినం అన్నారు. ఏడు రోజులకూ ఇదే మాదిరి కలుస్తుంది. మన దగ్గరనుంచి వాళ్ళు తీసుకున్నారా, వాళ్ళ దగ్గరనుంచి మనం తెచ్చుకున్నామా? రుజువు ఉంటేనే చెప్పండి.

పెన్నానీళ్ళు:
ఇందులో వాదన ఏముందబ్బా? పంచాంగంలో హోరలు ఉంటాయి కదా, వాటినుంచే వారాలు పుట్టినాయి. 'అహోరాత్ర' అన్న మాటలో ముందు అక్షరం, చివరి అక్షరం తీసేస్తే మిగిలేది హోర. ఆర్యభటుడే ఈ లెక్క చెప్పినాడు. మాట మనది, లెక్క మనది. ఇంక తెచ్చుకునేదేముంది?

హంద్రీగట్టు:
హోరలనుంచి వారాలు వచ్చినాయన్నది నిజం. తక్కిన సగం దగ్గర ఆగాలి. ముందు ఆ లెక్క వేసి చూద్దాం, ఎవరిదన్నది అందులోనుంచే కొంత బయటపడుతుంది.

ఆకాశంలో నింపాదిగా నడిచే గ్రహం మొదలుకొని వరుసగా రాయండి: శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. రాశిచక్రం ఒక చుట్టు తిరగడానికి శనికి 29న్నర ఏళ్ళు పడితే చంద్రునికి 27 రోజుల పైచిలుకు చాలు. బుధ శుక్రులు సూర్యుణ్ణి విడిచి దూరం పోరు కాబట్టి ఆ ముగ్గురి వరుస మీద పాతకాలంలో వాదులాట ఉండేది. చివరికి నిలబడింది ఈ వరుసే.

ఇప్పుడు రోజును 24 హోరలు చేసి, ఈ వరుసలోనే ఒక్కో హోర ఒక్కో గ్రహానికి ఇవ్వండి. సూర్యోదయాన మొదటి హోర ఎవరిదో ఆ రోజు వాళ్ళ పేరే. బేస్తవారం తీసుకోండి. మొదటి హోర గురుడిది. ఏడేసి దాటితే 8, 15, 22 కూడా గురుడివే. 23 కుజుడిది, 24 రవిది. 25వది, అంటే మరుసటి సూర్యోదయానిది, శుక్రుడిది. అందుకే బేస్తవారం తర్వాత శుక్రవారం. 24ను ఏడుతో భాగిస్తే 3 మిగులుతుంది. రోజుకు మూడు అడుగులు ముందుకన్నమాట. శని నుంచి మూడడుగులు వేస్తే రవి, రవి నుంచి మూడు వేస్తే చంద్రుడు, అక్కడినుంచి మళ్ళీ మొదటికి తిరిగి మూడు వేస్తే కుజుడు. ఏడూ ఇట్లనే పడతాయి, మీరే వేసి చూసుకోండి.

అంటే ఈ వారం పుట్టాలంటే రెండు సరుకులు కావాలి: గ్రహాల వరుస ఒకటి, 24 భాగాల రోజు ఒకటి. మన పాత లెక్క వేదాంగ జ్యోతిషంలో ఉంది. అందులో రోజుకు 30 ముహూర్తాలు, 60 నాడికలు, అంటే గడియలు. వారం పేరు లేదు, 24 కూడా లేదు. 30 పెట్టి చేస్తే మిగిలేది 2, అప్పుడు శనివారం తర్వాత మంగళవారం రావాలి. రోజును 24 చేసింది ఈజిప్టు వాళ్ళు, ఆ భాగాన్ని 'హోరా' అన్నది గ్రీకులు.

తాడిపత్రిబండ:
సార్, మంచి సమయంలో దొరికినారు. మా పాప పుట్టింది జూన్ నెలలో, తెల్లవారుజామున 4:30కి. ఆస్పత్రి కాగితంలో శుక్రవారం అని ఉంది. జాతకం రాసినాయన బేస్తవారం అని రాసినాడు. ఇద్దరిలో తప్పు ఎవరిది? హోర ఏది అవుతుంది?

హంద్రీగట్టు:
గుత్తికోట గారు అడిగింది ఇది కాదులే గానీ, తప్పు ఇద్దరిదీ కాదమ్మా. ఆస్పత్రి వాళ్ళకు రాత్రి 12కు తేదీ మారుతుంది. పంచాంగానికి సూర్యోదయంతో వారం మారుతుంది. 4:30కి సూర్యుడు రాలేదు కాబట్టి ఇంకా బేస్తవారమే.

హోర చూద్దాం. జూన్‌లో మన కర్నూలు, అనంతపురం వైపు సుమారు 5:45కు సూర్యోదయం, 6:45 దాకా పగలు. పగలు 13 గంటలు, రాత్రి 11. కొందరు సూర్యోదయంనుంచి 60 నిమిషాల చొప్పున లెక్కిస్తారు. అట్లయితే 23వ హోర 3:45 నుంచి 4:45 దాకా. మరికొందరు పగటిని 12, రాత్రిని 12 భాగాలు చేస్తారు. అప్పుడు రాత్రి హోర 55 నిమిషాలే, 23వది 3:55 నుంచి 4:50 దాకా. మీ పాపది ఎట్ల లెక్కించినా కుజ హోరే. అదే 4:47కు పుట్టి ఉంటే మొదటి లెక్కలో రవి, రెండో లెక్కలో కుజుడు వచ్చేవాళ్ళు. రెండు పంచాంగాలు తేడా చూపిస్తే ముందు ఈ హోర పొడవు చూడండి. సూర్యోదయాన్ని పక్కన పెట్టి నేరుగా 6 గంటలనుంచి లెక్కించేవాళ్ళూ ఉన్నారు, అది మాత్రం పొరపాటే.

పెన్నానీళ్ళు:
అన్నా, 24 లేకపోతే వారం పుట్టదన్నారు. కింది నుంచి పైకి రాసి చూడండి: చంద్రుడు, బుధుడు, శుక్రుడు, రవి, కుజుడు, గురుడు, శని. మన 60 గడియలు ఒక్కొక్కరికి ఒకటి పంచండి. 60ని ఏడుతో భాగిస్తే 4 మిగులుతుంది. చంద్రుడి నుంచి నాలుగడుగులు వేస్తే కుజుడు. కుజుడి నుంచి నాలుగు వేస్తే బుధుడు. సోమ, మంగళ, బుధ! 24 అవసరమే లేదు.

హంద్రీగట్టు:
లెక్క సరిగ్గా ఉంది, ఒప్పుకోవాల్సిందే. పైనుంచి మూడడుగులు, కిందినుంచి నాలుగడుగులు ఒకచోటికే చేరతాయి, ఏడుగురే కదా. కాబట్టి '24 తోనే సాధ్యం' అని నేనన్నది సడలించుకుంటాను. అయితే మీ గడియలను శని మొదలుకొని పంచితే వారం వెనక్కి నడుస్తుంది: శనివారం తర్వాత శుక్రవారం, ఆ తర్వాత బేస్తవారం.

ఇక మన పెద్దలు ఏ దారిన వచ్చినారో వాళ్ళ మాటలోనే చూడాలి. మీరు పేరెత్తిన ఆర్యభటుడు కాలక్రియాపాదంలో ఏడుగురినీ 'హోరేశులు' అని పిలిచి, శని మొదలుకొని వేగం పెరిగే వరుసలో పెట్టినాడు. అందులో నాలుగోవాడు సూర్యోదయంనుంచి దినాధిపతి అన్నాడు. శనిని ఒకటిగా లెక్కపెడితే నాలుగోవాడు రవి. అంటే గడియల లెక్క కాదు, హోరల లెక్కే. 'అహోరాత్ర' సంగతి వరాహమిహిరుడు బృహజ్జాతకంలో ప్రస్తావించినాడు, కానీ కొందరు అట్లంటారు అనే చెప్పినాడు. అదే పెద్దమనిషి బృహత్సంహితలో, యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వాళ్ళ దగ్గర చక్కగా ఉంది కాబట్టి ఋషుల మాదిరి పూజలందుకుంటారని రాసినాడు.

గుత్తికోట:
శాసనాల సాక్ష్యం ఏమైనా ఉందా సార్? శ్లోకాలకు కాలం తేల్చేది కష్టం కదా.

హంద్రీగట్టు:
మీ గుత్తి పక్కనే మొదలుపెట్టొచ్చు. ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. అక్కడే కాదు, అశోకుడి శాసనాల్లో ఎక్కడా వారం పేరు కనపడదు. రోజు చెప్పాల్సి వస్తే స్తంభ శాసనాల్లో చతుర్దశి, పున్నమి, తిష్య నక్షత్రం అని చెప్పినారు. ఇప్పుడు తెలిసినంతలో వారం పేరు రాసిన తొలి భారతీయ శాసనం మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో ఉంది. బుధగుప్తుడి కాలం, గుప్త సంవత్సరం 165, ఆషాఢ శుద్ధ ద్వాదశి, 'సురగురు దివసం'. దేవతల గురువు బృహస్పతే కదా, మన బేస్తవారమే అది. ఆ తిథి క్రీ.శ. 484 జూన్ 21కి వస్తుంది, లెక్క వేస్తే ఆ రోజు నిజంగానే గురువారం.

అటువైపు ఇటలీలోని పాంపేయి ఊరు క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయింది. ఆ ఊరి గోడ మీద 'దేవతల రోజులు' అని ఏడు పేర్లు గీసి ఉన్నాయి: శని, సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు. వరుస అచ్చంగా మనదే, మొదలు మాత్రం శని. రెంటికీ మధ్య 400 ఏళ్ళు తేడా.

పెన్నానీళ్ళు:
శాసనంలో లేదంటే జనం నోట్లో లేదని కాదు. మా ఇండ్లలో రోజూ వాడే మాటలు ఎన్ని రాతికెక్కినాయి?

హంద్రీగట్టు:
ఆ మాట నిజమే. 484 అన్నది ఆలస్యంగానైనా అప్పటికి ఉందని చెప్పే గురుతు, పుట్టిన తేదీ కాదు. కానీ అది రెండువైపులా కోసే కత్తి. పాంపేయి గోడకెక్కకముందు అక్కడి జనం నోట్లోనూ ఎన్నాళ్ళుందో మనకు తెలియదు.

కడపకారం:
ఇంగ్లీషు సంగతి మర్చిపోయినారు. వెన్స్‌డే అంటే వోడెన్ దినం. వోడెన్, బుధన్, రెండూ ఒకటే మాట. బుద్ధుడి పేరు అట్ల యూరప్ పోయిందని నా అభిప్రాయం.

హంద్రీగట్టు:
శబ్దం కలిసిందని చుట్టరికం కలపొద్దన్నా. ముందు బుధుడు వేరు, బుద్ధుడు వేరు. ఆ రోజు రోమన్లకు మెర్క్యురీది, అంటే బుధ గ్రహానిది. ఫ్రెంచిలో ఇప్పటికీ 'మెర్క్రెదీ'. జర్మన్ తెగలు ఆ వారాన్ని తీసుకుంటూ రోమన్ దేవుడికి బదులు తమ దేవుణ్ణి కూర్చోబెట్టినారు. కుజుడి చోట యుద్ధదేవుడు టీవ్, బుధుడి చోట వోడెన్, గురుడి చోట పిడుగులవాడు థోర్, శుక్రుడి చోట ఫ్రిగ్. శనికి సరిపడేవాడు దొరకలేదేమో, సాటర్న్ పేరే సాటర్‌డేగా నిలిచిపోయింది. పేర్లు మారినా వరుస చెదరలేదు, అసలు సాక్ష్యం అదే.

కడపకారం:
సరే, అది వదిలేస్తా. మా వీధిలో ఉర్దూలో పీర్, మంగల్, బుధ్, జుమేరాత్, జుమ్మా, హఫ్తా, ఇత్వార్ అంటారు. అందులో గ్రహాలు సగమే ఉన్నాయి కదా?

హంద్రీగట్టు:
బాగా పట్టినారు. ఇత్వార్ ఆదిత్యవారమే. మంగల్, బుధ్ మన గ్రహాలే. జుమ్మా అంటే జనం కూడడం, జుమేరాత్ దాని ముందురోజు, హఫ్తా అంటే ఏడు రోజుల వారం. పీర్ అంటే పెద్దాయన. ఏడు రోజుల చుట్టు వేరు, గ్రహాల పేర్లు వేరు అని దీంతో తెలుస్తుంది. యూదులకు గ్రహాలతో పనిలేని ఏడు రోజులు ఉండనే ఉన్నాయి. వాళ్ళు ఒకటో రోజు, రెండో రోజు అని లెక్కపెట్టి, ఏడోదాన్ని సబ్బాత్ అన్నారు. అరబ్బీలోనూ ఆదివారం నుంచి అంకెలే.

తాడిపత్రిబండ:
నెలలు కూడా అంతేనా సార్? జులై, ఆగస్టు రాజుల పేర్లనీ, వాటిని మధ్యలో దూర్చినందుకే సెప్టెంబరు ఏడోది కాకుండా తొమ్మిదోది అయిందనీ మా పిల్లల పుస్తకంలో ఉంది.

హంద్రీగట్టు:
మొదటి సగం సరి, రెండోది తప్పు. దూర్చలేదు, ఉన్న నెలల పేర్లు మార్చినారంతే. 'ఐదోది' అనే నెల క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ పేరున జులై అయింది. 'ఆరోది' అనే నెల క్రీ.పూ. 8లో అగస్టస్ పేరున ఆగస్టు అయింది. సెప్టెంబరు లెక్క తప్పింది అంతకు చాలా ముందే, మార్చితో మొదలయ్యే ఏడాదిని జనవరితో మొదలుపెట్టినందుకు. మన నెలల్లో రాజులు లేరు. పున్నమి నాడు చంద్రుడు చిత్త దగ్గరుంటే చైత్రం, విశాఖ దగ్గరుంటే వైశాఖం.

పెన్నానీళ్ళు:
నెలలు మనవేనన్నమాట, అంతవరకు సంతోషం. వారం దగ్గర నేను ఇంకా ఒప్పుకోలేదు. ఏరణ్ కన్నా పాత శాసనం ఒకటి దొరికిన రోజు మళ్ళీ వస్తా.

గుత్తికోట:
అన్నా, అదేదో ఎర్రగుడి వైపు దొరికితే ముందు నాకు చెప్పు.