వడ్డీ 0.5 శాతం పెరిగిందా, 6.25 శాతం పెరిగిందా?

అందరికీ నమస్కారం. మా ఇంటి లోన్ 20 లక్షలు, గడువు 20 ఏళ్లు. తీసుకున్న కొత్తలోనే వడ్డీ 8 నుంచి 8.5 శాతానికి మారింది. బ్యాంకు మెసేజ్‌లో "0.5 శాతం పెరుగుదల" అని ఉంది. 8 శాతంలో 0.5 శాతమంటే 0.04 కదా, రేటు 8.04 అవుతుందనుకున్నాను. తమ్ముడేమో అది 0.5 శాతం పాయింట్లు, పాత రేటుతో పోలిస్తే పెరిగింది 6.25 శాతం అంటున్నాడు. మొదటి నెల వడ్డీ లెక్కేశాను. 13,333 రూపాయలు 14,167 అయింది, అంటే తమ్ముడి మాటే సరిపోయింది. కానీ ఈఎంఐ 16,729 నుంచి 17,356కే, అంటే సుమారు 3.75 శాతమే పెరిగింది. ఈఎంఐలో అసలు కూడా కలిసి ఉండటం వల్లేనా ఈ తేడా? ఇకపై ఇలాంటి మెసేజ్ వస్తే పాయింట్లా, శాతమా అని ఎలా గుర్తుపట్టాలి? పాత రేటు, కొత్త రేటు రెండూ అడగడం ఒక్కటే దారా? దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.