ఇల్లు కాపాడుకోవడానికి ప్రైవేట్ లిమిటెడ్: చిన్న షాపుకి పనిచేస్తుందా?

కొత్తగల్లా:
ఎలక్ట్రికల్ సామాన్ల షాపు పెడుతున్నాను. చేతిలో 8 లక్షలు, బ్యాంకు లోను 7 లక్షలు, హోల్‌సేల్ వాళ్లు 6 లక్షల దాకా సరుకు అరువిస్తామన్నారు. ఇల్లు నా పేరు మీద ఉంది. ప్రొప్రైటర్‌గా మొదలుపెడితే షాపుతో పాటు ఇల్లూ మునుగుతుంది, ప్రైవేట్ లిమిటెడ్ చేయించు అంటున్నాడు మా బావమరిది. రెండో డైరెక్టరుగా మా ఆవిడ ఉంటుంది. నిజంగా ఇల్లు దక్కుతుందా?

సొంతకాళ్లు:
వద్దే వద్దు. కంపెనీ లాభం మీద మొదటి రూపాయి నుంచే పన్ను, సెస్సుతో కలిపి 25 శాతం దాటుతుంది. మీ పేరు మీద అయితే కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు. ఇల్లు గురించి భయమైతే ఆవిడ పేరుకి గిఫ్టు డీడు రాసేయండి, గొడవ వదిలిపోతుంది.

ఎదుగుదాం:
ప్రైవేట్ లిమిటెడే చేయండి బ్రదర్. రేపు ఇన్వెస్టర్ వస్తే వాటా ఇవ్వాలంటే షేర్లు ఉండాలి కదా. మేం ముగ్గురం యాప్ పెట్టినప్పుడు మొదటి రోజే కంపెనీ చేయించాం.

పద్దుపుస్తకం:
ఆయన పెడుతున్నది యాప్ కాదండీ, స్విచ్చులూ వైర్లూ అమ్మే షాపు. అడిగింది ఇంటి గురించి. చిన్న వ్యాపారుల లెక్కలు రాయడమే నా పని కాబట్టి లెక్కతోనే చెబుతాను.

రెండేళ్లకి షాపు మూతపడిందనుకుందాం. బ్యాంకుకి ఇంకా 5 లక్షలు, హోల్‌సేల్ వాళ్లకి 6, జీఎస్టీ 1 లక్ష బాకీ. మిగిలిన సరుకూ ర్యాకులూ అమ్మితే 3 లక్షలు వచ్చాయి. సరుకు బ్యాంకుకి తాకట్టులో ఉంటుంది కాబట్టి ఆ 3 ముందు వాళ్లకే పోతుంది. ఇక తీర్చాల్సింది 9 లక్షలు. ప్రొప్రైటర్ అయితే ఆ 9 మీవే, ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది.

కంపెనీ అయితే? కంపెనీ అప్పు కంపెనీదే, మీ సొంతం కాదు. కానీ కొత్త చిన్న కంపెనీకి లోనిచ్చేటప్పుడు బ్యాంకు సాధారణంగా డైరెక్టర్ల చేత సొంత గ్యారంటీ సంతకం పెట్టించుకుంటుంది. కాబట్టి మిగిలిన 2 లక్షలకి బ్యాంకు మీ ఇంటికే వస్తుంది. మీ ఆవిడా సంతకం పెట్టి ఉంటే ఆమె దగ్గరికీ వస్తుంది. జీఎస్టీ బాకీ కంపెనీ నుంచి వసూలు కాకపోతే డైరెక్టర్లే కట్టాలి, తమ నిర్లక్ష్యం వల్ల కాదని రుజువు చేసుకుంటే తప్ప. అంటే 3 లక్షలు ఎలాగూ మీ నెత్తిమీదే. తప్పించుకునేది హోల్‌సేల్ వాళ్ల 6 లక్షలు. ప్రశ్నకి జవాబు అదే. ఇల్లంతా కాదు, ఆ ఆరు లక్షల అప్పులవాళ్లు ఇంటి గుమ్మం ఎక్కలేకపోవడం, అంతవరకే.

సొంతకాళ్లు గారూ, పన్ను విషయం సగమే సరి. డైరెక్టరుగా ఆయన జీతం తీసుకోవచ్చు, అది కంపెనీకి ఖర్చు. 7 లక్షల లాభంలో 6 లక్షలు జీతంగా తీసుకుంటే కంపెనీ పన్ను పడేది మిగిలిన లక్ష మీదే, పాతిక వేల పైచిలుకు. అసలు నొప్పి వేరే చోట ఉంది. ప్రొప్రైటర్ అమ్మకాలు 2 కోట్ల లోపు ఉంటే వచ్చిన డబ్బులో 8 శాతం, బ్యాంకు ద్వారానో డిజిటల్‌గానో వచ్చిన దాని మీద 6 శాతం లాభంగా చూపించి పన్ను లెక్క ముగించవచ్చు. కంపెనీకి ఆ వెసులుబాటు లేదు. రూపాయి వ్యాపారం లేకపోయినా ఆడిట్ తప్పదు.

గిఫ్టు డీడు సలహా మాత్రం ప్రమాదం. అప్పులవాళ్లని తప్పించుకోవడానికే ఆస్తి మార్చారని తేలితే కోర్టు ఆ బదిలీని పక్కన పెట్టగలదు.

మూసినషాపు:
ఆడిట్ అన్నారు కాబట్టి నా కథ చెబుతాను. నేనూ మా తమ్ముడూ కంపెనీ పెట్టి బట్టల షాపు నడిపాం. ఏడాదిన్నరకి షట్టర్ దించేశాం. షాపు మూశాం కదా, కంపెనీ కూడా మూసుకుపోయినట్టే అనుకున్నాం. ఏటా వేయాల్సిన రెండు ఫారాలు, ఏఓసీ-4, ఎంజీటీ-7ఏ, వేయనే లేదు. ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయల ఆలస్య రుసుము, దానికి పై హద్దు లేదు. తెలిసేసరికి మొదటి ఏడాది ఫారాలకి రెండేళ్లు, రెండో ఏడాదివాటికి ఏడాది ఆలస్యం. 1,46,000, ఇంకో 73,000. మొత్తం 2,19,000. ఆ తర్వాత కంపెనీ పేరు కొట్టేయించడానికి దరఖాస్తు రుసుము వేరే. వరుసగా మూడేళ్లు వేయకపోతే అయిదేళ్లు ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండటానికి వీల్లేదట, దాని అంచు దాకా వెళ్లి వచ్చాం.

సరుకుమనిషి:
నేను హోల్‌సేల్ వాడిని. పద్దుపుస్తకం గారి లెక్కలో ఆ 6 లక్షలు నావే అనుకోండి. నిన్న పుట్టిన కంపెనీకి, లక్ష రూపాయల మూలధనంతో, నేను ఊరికే అరువిస్తానా? యజమాని చేత సొంతంగా హామీ కాగితం రాయించుకుంటాను, లేదా చెక్కు తీసుకుంటాను. కంపెనీ చెక్కే అయినా బౌన్స్ అయితే సంతకం పెట్టిన డైరెక్టరు కూడా కేసులో ఉంటాడు. అప్పుడు ఏం తప్పించుకున్నట్టు?

పద్దుపుస్తకం:
మీరు రాయించుకుంటారు, అందరూ రాయించుకోరు. చెక్కు కేసు వేరు, సొంత హామీ వేరు. హామీ కాగితం లేకపోతే ఆ బాకీ కోసం సివిల్ దావా కంపెనీ మీదే. ఏం సంతకం పెడుతున్నారో చదువుకుంటే కవచం మిగులుతుంది.

సరుకుమనిషి:
అరువు కావాల్సినవాడు చదువుకుని ఏం చేస్తాడు సార్, సంతకమే పెడతాడు.

గల్లాపెట్టె:
నాదో మాట. ప్రొప్రైటర్ సాయంత్రం గల్లాలోంచి రెండు వేలు తీసి ఇంటికి పట్టుకెళ్తే అడిగేవాడు లేడు. కంపెనీలో ఆ రెండు వేలు కంపెనీవి. జీతంగా రాయకుండా తీస్తే డైరెక్టరుకి అప్పిచ్చినట్టు అవుతుంది, దానికి చట్టంలో అడ్డంకి, పన్ను దగ్గర ఇంకో తలనొప్పి. చిన్న షాపుల్లో ఇది రోజూ జరిగేదే.

కొత్తగల్లా:
ఇది మాత్రం నాకు సూటిగా తగిలింది, ఇల్లు గడిచేది ఆ గల్లాతోనే. ఇప్పుడు ప్రొప్రైటర్‌గా మొదలుపెట్టి, అరువు 6 కాకుండా 2 లక్షలే తీసుకుంటే? తర్వాత పెరిగితే కంపెనీ చేసుకోవచ్చా?

పద్దుపుస్తకం:
చేసుకోవచ్చు, కానీ పేరు మార్చినంత తేలిక కాదు. జీఎస్టీ నంబరు మీ పాన్ మీద ఉంటుంది, కంపెనీకి కొత్త పాన్, కొత్త నంబరు. సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీలో ఇంకా వాడుకోని ఇన్‌పుట్ క్రెడిట్‌ని ఐటీసీ-02 ఫారంతో మార్చుకోవాలి. అద్దె ఒప్పందం, లైసెన్సులు, బ్యాంకు లోను అన్నీ మళ్లీ రాయించాలి. ఆస్తులతో పాటు అప్పులూ అన్నీ కంపెనీకి ఇచ్చి, బదులుగా షేర్లు తప్ప మరేమీ తీసుకోకుండా, ఓటింగు వాటాలో కనీసం సగం అయిదేళ్లు మీ దగ్గరే ఉంచుకుంటే ఆ మార్పిడి మీద మూలధన లాభాల పన్ను పడదు. పాత అప్పులకి మాత్రం మీ బాధ్యత అలాగే ఉంటుంది. అరువు 2 లక్షలకి తగ్గిస్తే నేను ప్రొప్రైటర్ అనే అంటాను.

సరుకుమనిషి:
2 లక్షల సరుకుతో ఎలక్ట్రికల్ షాపు ర్యాకులు నిండవు.

పద్దుపుస్తకం:
ఆయన దగ్గర 8 లక్షలు సొంతవి ఉన్నాయండీ.

సరుకుమనిషి:
అడ్వాన్సు, ఫర్నిచరు పోగా ఎంత మిగులుతుందో అడగండి.

కొత్తగల్లా:
సుమారు 5. బ్యాంకు లోనుతో కలిపి 12. ముందు ఆ లోను కాగితాల్లో గ్యారంటీ దగ్గర ఎవరి పేర్లున్నాయో చూసి వస్తాను, మా ఆవిడది కూడా ఉందేమో అని ఇప్పుడే అనుమానం వచ్చింది.