సిల్క్ గలీబు వేసినా చెంప మీద గీత పోవట్లేదు, ఏం చేయాలి?

పటమట పిల్ల (రాత్రి 11:52)
రెండు గంటలుగా వీడియోలు చూస్తున్నా. ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తున్నారు, బుర్ర వేడెక్కిపోయింది. పొద్దున లేచేసరికి ఎడమ చెంప మీద, ముక్కు పక్కనుంచి దవడ వైపు ఏటవాలుగా ఒక గీత ఉంటోంది. ఇదివరకు స్నానం చేసి వచ్చేలోపు పోయేది. ఇప్పుడు ఆఫీసుకి వెళ్ళాక పదకొండు దాటినా అలాగే ఉంటోంది. సిల్క్ గలీబు వేస్తే పోతుందన్నారని ఆన్‌లైన్లో రెండు తెప్పించా. మూడు వారాలైంది, వీసమెత్తు తేడా లేదు. అసలు ఇది పనిచేస్తుందా, చేయదా? సూటిగా చెప్పండి ప్లీజ్.

నైట్‌డ్యూటీ (11:58)
వెల్లకిలా పడుకోండి. అంతే.

సత్తెనపల్లి కోడలు (రాత్రి 12:10)
నాకూ అంతేనమ్మా, గలీబు మార్చకపోతే చెంప నిండా మొటిమలు. నాలుగు రోజులకోసారి వేడి నీళ్ళలో ఉతుకు, తలకి నూనె రాసుకుని పడుకోకు. నాకు నెలలో తగ్గిపోయాయి.

పటమట పిల్ల (12:13)
ఆంటీ, మొటిమలు కాదండీ, గీత. మడత పడిన గీత.

బట్టల కొట్టు బాబాయ్ (ఉదయం 6:20)
ముందు ఒక మాట. ఆ రెండూ ఎంత పెట్టి కొన్నావమ్మా?

పటమట పిల్ల (7:45)
రెండూ కలిపి 499 అండీ. ప్యాకెట్ మీద 'శాటిన్ సిల్క్' అని ఉంది.

బట్టల కొట్టు బాబాయ్ (8:05)
అనుకున్నాను. బీసెంట్ రోడ్‌లో ముప్పై ఏళ్ళు బట్టలు కొలిచినవాణ్ణి, ఈ మాట చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. శాటిన్ అనేది నేత పేరు, సిల్క్ అనేది దారం పేరు. పాలిస్టర్ దారంతోనూ శాటిన్ నేయొచ్చు, పట్టు దారంతోనూ నేయొచ్చు. నువ్వు కొన్న ధరకి అసలు పట్టు గలీబు ఒక్కటి కూడా రాదు. నమ్మకపోతే లోపలి కుట్టు దగ్గర నాలుగు పోగులు లాగు. స్టీలు పళ్ళెం మీద చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించు. పట్టయితే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ళతో నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూస కడుతుంది. కరిగినప్పుడు ముట్టుకోకు, చర్మానికి అతుక్కుంటుంది.

ఇంకోటి, పాత పట్టుచీర కోసి గలీబు కుట్టిద్దామనే ఆలోచన చేయకు. జరీ గీరుకుంటుంది. పాత రంగైతే చెమటకి దిగి చెంపకీ అంటుతుంది.

నైట్‌డ్యూటీ (8:11)
అందరూ శాటిన్‌నే సిల్క్ అంటారు. ఇప్పుడు పేర్ల గొడవెందుకు?

బట్టల కొట్టు బాబాయ్ (8:19)
వనస్పతిని నెయ్యి అని కూడా అంటారు కొందరు. తింటారా?

అరండల్‌పేట సిస్టర్ (9:40)
బాబాయ్ గారు చెప్పిన కాల్చి చూసే పద్ధతి సరైనదే. కానీ అది అసలు పట్టే అని తేలినా ఈ గీత పోతుందని నేను చెప్పను. గుంటూరులో ఒక స్కిన్ డాక్టరు గారి దగ్గర పన్నెండేళ్ళు చేశాను, పొద్దున వచ్చే పేషెంట్ల చెంపల మీద ఇవి రోజూ చూసేదాన్ని.

రెండు సంగతులు కలిసిపోతున్నాయి. ఒకటి రాపిడి. అటూ ఇటూ దొర్లినప్పుడు బట్ట చర్మాన్ని పట్టి లాగడం. పట్టు నున్నగా ఉంటుంది కాబట్టి ఆ లాగుడు కొంత తగ్గుతుంది. రెండోది నొక్కుడు. తల బరువు నాలుగున్నర, అయిదు కిలోలు ఉంటుంది. అంత బరువు చెంప మీద గంటల తరబడి పడితే మెత్తటి చర్మం ముక్కు వైపుకి జరిగి మడత పడుతుంది. బట్ట ఎంత నున్నగా ఉన్నా ఈ బరువు తగ్గదు. కావాలంటే అద్దం బల్ల మీద చెంప ఆనించి తల బరువంతా వదిలేసి చూడండి. అద్దం కంటే నున్ననిది ఏముంది? అయినా ముక్కు పక్కన మడత పడుతుంది. పైగా మన ఊళ్ళ ఉక్కకి చెమట పట్టిన చెంప పాలిస్టర్‌కి జారడం మాని అంటుకుంటుంది, అప్పుడు ఆ కొంచెం లాభం కూడా ఉండదు.

ముందు మీది నిద్ర గీతేనా, నవ్వు గీతా అన్నది తేల్చుకోండి. అద్దం ముందు నిలబడి గట్టిగా నవ్వండి. నవ్వినప్పుడు లోతుగా కనిపిస్తే అది కండరం వల్ల వచ్చిన గీత. నవ్వితే అది వేరే దారిలో ఉండి, అరచేతితో ఎడమ చెంపని ముక్కు వైపుకి నెట్టినప్పుడు సరిగ్గా అక్కడే మడత పడితే, అది దిండు పెట్టిన గీత. చూసి చెప్పండి. వయసు, పడుకునే తీరు కూడా చెప్పండి, అవి లేకుండా ఎవరేం చెప్పినా గాల్లో రాయి వేయడమే.

పటమట పిల్ల (మధ్యాహ్నం 1:15)
వయసు 38. చేత్తో నెడితే అచ్చం అక్కడే పడుతోంది సిస్టర్, చూసి భయమేసింది. నవ్వితే పక్కనుంచి వేరే గీత వస్తోంది. ఎడమ పక్కకే పడుకుంటా. దారం కూడా కాల్చా, పూస కట్టింది. బాబాయ్ గారికి నమస్కారం.

నైట్‌డ్యూటీ (1:20)
ఎడమ పక్కకి పడుకుంటే ఎడమ చెంప మీదే వస్తుంది. వెల్లకిలా పడుకోండి అని నిన్నే చెప్పా.

పటమట పిల్ల (1:24)
వెల్లకిలా పడుకుంటే నాకు పులుపు గొంతులోకి వస్తుందండీ. ఎసిడిటీకి డాక్టరే ఎడమ పక్కకి పడుకోమన్నారు. ఏడాదిన్నర అయింది.

నైట్‌డ్యూటీ (1:26)
ఇది మొదటి పోస్టులో రాయాల్సింది.

గురక మాస్టారు (1:40)
మా సంగతీ వినండి. నాకు నిద్రలో ఊపిరి ఆగుతుందని మాస్కు ఇచ్చారు. దాని పట్టీల గీతలు రెండు చెంపల మీదా రైలు పట్టాల్లా ఉంటాయి. బళ్ళో పిల్లలు నవ్వుతారు. వెల్లకిలా పడుకోమని అందరికీ సలహా ఇవ్వకండి, గురక పెట్టేవాళ్ళకి వెల్లకిలా పడుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. గీత ఉంటే ఉంది, ఊపిరి ముఖ్యం.

వంటింటి వైద్యం (2:30)
కాటన్ గలీబు రాత్రి రాసుకున్న క్రీమంతా తాగేస్తుంది, అందుకే చర్మం ఎండి గీతలు పడతాయి. పడుకునే ముందు కొబ్బరి నూనె పట్టించండి, గీత ఉండదు.

అరండల్‌పేట సిస్టర్ (3:05)
కాటన్ కొంత క్రీమ్ పీల్చే మాట నిజమే. కానీ ఆ గీత ఎండడం వల్ల వచ్చింది కాదండీ, మడత వల్ల వచ్చింది. చర్మం తడిగా ఉంటే సన్నటి ముడతలు తక్కువ కనిపిస్తాయి, అంతవరకే. ఇస్త్రీ పెట్టె కింద చీర మడత పడితే నీళ్ళు చల్లినా మడత మడతే కదా.

పటమట అమ్మాయి గారూ, ఇరవైల్లో ఇదే మడత పది నిమిషాల్లో పోయేది, ఇప్పుడు పదకొండు దాకా ఉంటోందంటే చర్మం వెనక్కి లాక్కునే గుణం తగ్గిందని. వయసూ ఎండా రెండూ అందులో ఉన్నాయి. రోజూ ఒకే చోట మడత పడితే కొన్నేళ్ళకి అది పగలంతా నిలిచిపోతుంది. ఎవరైనా ఇంజెక్షన్ వేయించుకోమంటే తొందరపడకండి. బొటాక్స్ కండరాన్ని సడలిస్తుంది, కళ్ళ పక్కన పడే నవ్వు గీతలకీ నుదుటి గీతలకీ అది సరే. ఇది కండరం పని కాదు. 2016లో గోసెల్ ఆన్సన్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ మరికొందరితో కలిసి నిద్ర ముడతల మీద రాసిన వ్యాసంలోనూ ఈ తేడానే చెప్పారు.

ఇంకొక ప్రశ్న. పడుకున్నప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడ ఉంటుంది?

పటమట పిల్ల (రాత్రి 9:10)
చెంప కిందే, ఇంకెక్కడుంటుంది? చిన్నప్పటినుంచీ అంతే.

అరండల్‌పేట సిస్టర్ (9:22)
అదీ సంగతి. మీ చెంప గలీబుని తాకడమే లేదు, చేతిని తాకుతోంది. చెయ్యేమో చెంపని ముక్కు వైపుకి తోస్తోంది. అద్దం ముందు మీరు చేసిన పరీక్షే రాత్రంతా చేస్తున్నారు. కింద పరిచింది 499ది అయినా అయిదు వేలది అయినా ఏం లాభం?

చెయ్యి ఎందుకు పెడుతున్నారో కూడా చూడండి. చాలామందికి దిండు పల్చబడిపోయి, భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నిండక, ఆ ఎత్తు చేత్తో పూరించుకుంటారు. గోడకి ఎడమ భుజం ఆనించి తల నిటారుగా పెట్టి నిలబడండి. గోడకీ చెవికీ మధ్య ఎంత దూరమో ఎవరిచేతనైనా కొలిపించండి. తర్వాత మీ దిండుని తల బరువుతో అణిచి కొలవండి.

పటమట పిల్ల (మర్నాడు ఉదయం 7:30)
అమ్మ టైలర్ టేపుతో కొలిచింది. గోడ నుంచి చెవికి నాలుగున్నర అంగుళాలు. దిండు అణిగితే రెండు అంగుళాలు కూడా లేదు, పెళ్ళప్పటి దిండు అది. పరుపు కొబ్బరి పీచుది, రాయిలా ఉంటుంది.

అరండల్‌పేట సిస్టర్ (8:00)
పరుపు దిగదు కాబట్టి ఆ నాలుగున్నరా దాదాపు దిండే ఇవ్వాలి. రెండున్నర తక్కువైంది, ఆ లోటు చేత్తో నింపుతున్నారు. అణిగినా నాలుగు అంగుళాలు నిలిచే దిండు తీసుకోండి. మరీ మెత్తటిదైతే ముఖం అందులో కూరుకుపోతుంది, అదీ వద్దు.

ఆ తర్వాత వీపు వెనక ఒక బాలీసు పెట్టి, ఎడమ పక్కకే ఉంటూ కొద్దిగా దాని మీదకి వెనక్కి వాలండి. అప్పుడు బరువు చెంప మీద కాకుండా చెవి వెనక పడుతుంది. ముక్కు పక్క భాగం దిండు అంచు దాటి గాల్లో ఉండాలి. ఎడమ చేతిని దిండు ముందు చాపుకోండి. ఎసిడిటీ విషయంలో మీరు ఎడమ పక్క వదలడం లేదు కాబట్టి డాక్టరు మాటా నిలుస్తుంది. నిద్రలో మళ్ళీ బోర్లా తిరగొచ్చు, దానికి నా దగ్గర మందు లేదు.

బట్టల కొట్టు బాబాయ్ (8:15)
అన్నీ బాగానే ఉన్నాయి సిస్టర్, కానీ అసలు పట్టు వేసి ఉంటే ఇంకా బాగుంటుందన్నది మాత్రం కాదనకండి.

అరండల్‌పేట సిస్టర్ (8:21)
జుట్టు చిక్కు పడకుండా ఉండడానికి కొనుక్కోమనండి, కాదనను. గీత కోసమైతే నా డబ్బు దిండుకే పెడతాను.

బట్టల కొట్టు బాబాయ్ (8:24)
జుట్టుకి పనికొచ్చిన నునుపు చెంపకి పనికిరాదా?

నైట్‌డ్యూటీ (8:30)
మళ్ళీ మొదలు.

పటమట పిల్ల (పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 10:05)
మర్చిపోయా చెప్పడం. కొత్త దిండు, బాలీసు, రెండూ వచ్చాయి. మొదటి నాలుగు రోజులు నిద్రే పట్టలేదు, చెయ్యి దానంతటదే చెంప కిందకి వచ్చేస్తోంది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు ఆరున్నరకి లేస్తే ఎనిమిదిన్నరకల్లా పోతోంది, కొన్ని రోజులు అసలు ఉండట్లేదు. ఆదివారం బోర్లా పడుకున్నట్టున్నా, మధ్యాహ్నం దాకా ఉంది. శాటిన్ గలీబులు చెల్లికి ఇచ్చేశా, ఉంగరాల జుట్టుకి బాగున్నాయంటోంది. థాంక్స్ అందరికీ.

బట్టల కొట్టు బాబాయ్ (10:20)
గలీబు, దిండు ఒకేసారి మార్చావు. మరి దేనివల్ల తగ్గిందని తెలుస్తుందమ్మా?

సత్తెనపల్లి కోడలు (10:41)
దిండు మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా, బూరుగు దూది దిండు గుంటూరులో ఇప్పుడు ఎవరైనా కుడుతున్నారా? అదీ సిల్క్ కాటనే అంటారుగా, దానికి గీతలు పడవా?