అప్‌డేట్: మ్యూజియం లెర్నింగ్ ఆఫీసర్ పోస్టుకి రాసిన లెటర్

అప్పుడు అడిగింది: "ఈ ఏడాదే ఎం.ఏ. హిస్టరీ పూర్తయింది. చెన్నైలో ఒక మ్యూజియంలో లెర్నింగ్ ఆఫీసర్ పోస్టుకి లెటర్ రాస్తున్నాను. ఉద్యోగానుభవం లేదు. ఏం రాయాలి?"

ఇంటర్వ్యూకి పిలిచారండి! సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

మొదటి డ్రాఫ్టులో సగం నా థీసిస్ గురించే ఉండేది. అది రెండు వాక్యాలకు కుదించాను. ప్రకటనలో వాళ్లు అడిగింది బడిపిల్లలతో సెషన్లు నడపడం. అందుకని మా వీధి పిల్లలు పన్నెండు మందిని ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంకి తీసుకెళ్లిన రోజు గురించి రాశాను.

అక్కడ అమరావతి శిల్పాల్లో నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి పలక ఉంది. నేను కథ చెప్పలేదు. "ఎన్ని ఏనుగులున్నాయి?" అని మాత్రం అడిగాను. అందరూ రెండన్నారు. ఒకటి మదమెక్కి జనం మీద పడుతోంది, ఇంకొకటి బుద్ధుడి ముందు మోకరిల్లింది. కాసేపు చూశాక ఒక పాప, "అక్కా, రెండూ ఒకటే ఏనుగు!" అంది. ఒకే పలకలో ముందు జరిగింది, తర్వాత జరిగింది రెండూ చెక్కారని అలా వాళ్లే కనిపెట్టారు.

వెనక నిలబడ్డ నలుగురికి పలక సరిగ్గా కనబడలేదు. అదీ దాచకుండా రాసి, రెండోసారి ఆరుగురు చొప్పున తీసుకెళ్లానని చేర్చాను.

ఇంటర్వ్యూలో ఎక్కువసేపు దీని మీదే మాట్లాడారు. "పిల్లలకు అర్థమైందని ఎలా తెలిసింది?" అని అడిగారు. బస్సులో కథని వరుసగా తిరిగి చెప్పమన్నానని, ఇద్దరు తడబడ్డారని చెప్పాను. ఫలితం ఇంకా రాలేదు, టెన్షన్‌గానే ఉంది. రాగానే ఇక్కడే రాస్తాను.