చర్చ: కంపెనీ ప్రెజెంటేషన్‌లో ఉన్నది టెండర్‌లో ఎంతవరకు రాయొచ్చు?

గుణుపూర్_పంపులు
మాది రాయగడ జిల్లా గుణుపూర్. సోలార్ పంపులతో తాగునీటి పనులు చేసే చిన్న కంపెనీ. ఇప్పుడు రూ.1.20 కోట్ల టెండర్ ఒకటి వేస్తున్నాం. మా ప్రెజెంటేషన్‌లో "సరిహద్దు జిల్లాల్లో 25కు పైగా తాగునీటి ప్రాజెక్టులు, అన్నీ సకాలంలో పూర్తి" అని ఉంది. అదే వాక్యాన్ని టెక్నికల్ బిడ్‌లో అనుభవం దగ్గర పెట్టేస్తే చాలని మా తమ్ముడు అంటున్నాడు. చాలుతుందా?

సిరొంచ_కాంట్రాక్టర్
స్లైడ్లను పీడీఎఫ్ చేసేటప్పుడు ఫొటోల సైజు తగ్గించండి. మేం mahatenders.gov.in లో వేస్తుంటాం, చివరి గంటలో అప్‌లోడ్ అంటే టెన్షనే. మాకు ఇంకో తలనొప్పి, సర్టిఫికెట్లు మరాఠీలో ఉంటాయి, పక్క రాష్ట్రంలో వేయాలంటే అనువాదం చేయించి నోటరీ పెట్టించాలి.

బరంపురం_బిడ్_డెస్క్
సిరొంచ గారూ, ఆయన అడిగింది ఫైల్ సైజు గురించి కాదండీ.

గుణుపూర్ గారూ, ఆ వాక్యాన్ని అలాగే పెట్టకండి. ముందు ఆ 25 పనులనూ ఒక షీట్‌లో వరుసగా రాయండి. ఒక్కో పనికి ఎవరిచ్చారు, అగ్రిమెంట్ నంబర్, పూర్తయిన తేదీ, పూర్తయిన విలువ, ఆ విషయం చెప్పే కాగితం బిడ్‌లో ఏ పేజీలో ఉంటుంది అన్నవి ఉండాలి. పేజీ నంబర్ గడి ఖాళీగా మిగిలిన పని బిడ్‌లో ఉండకూడదు. అర్హత షరతు కూడా చెప్పండి.

గుణుపూర్_పంపులు
గత 7 ఏళ్లలో ఇలాంటి పనులు మూడు, ఒక్కోటి అంచనా విలువలో 40 శాతం. లేదా రెండు, ఒక్కోటి 50 శాతం. లేదా 80 శాతం పని ఒకటి. అంటే 48 లక్షలు, 60 లక్షలు, 96 లక్షలు.

షీట్ వేశాక తేలింది ఇదీ: 5 పనులు ఇంకా నడుస్తున్నాయి. 4 సబ్ కాంట్రాక్ట్‌వి, అందులో రూ.1.05 కోట్లది ఒకటుంది. పూర్తయినట్టు సర్టిఫికెట్ ఉన్నవి 16. వాటిలో పెద్దవి మూడు: 71 లక్షలు, 62.5 లక్షలు, ఇంకోటి వర్క్ ఆర్డర్‌లో 53 లక్షలు.

జయపురం_ఎలక్ట్రికల్స్
అయితే మూడూ 48 దాటాయిగా తమ్ముడూ, వర్క్ ఆర్డర్ కాపీ పెట్టేయ్. పాత పని విలువ తక్కువైతే ఏడాదికి 7 శాతం కలుపుకోవచ్చు కూడా.

బరంపురం_బిడ్_డెస్క్
వర్క్ ఆర్డర్ పని ఇచ్చారని చెబుతుంది, చేశారని చెప్పదు. మూడోదాని పూర్తి సర్టిఫికెట్‌లో విలువ ఎంతుందో చూడండి. 7 శాతం మాట సీపీడబ్ల్యూడీ టెండర్లలో నిజమే, పూర్తయిన తేదీ నుంచి సాధారణ వడ్డీలా లెక్క కడతారు. కానీ మీ టెండర్‌లో ఆ క్లాజ్ రాసి ఉంటేనే వర్తిస్తుంది.

గుణుపూర్_పంపులు
సర్టిఫికెట్‌లో 47.6 లక్షలే ఉంది అన్నా. పని కొంత తగ్గించారు. 7 శాతం క్లాజ్ ఎక్కడా కనబడలేదు.

బరంపురం_బిడ్_డెస్క్
అయితే మూడు పనుల దారి వదిలేయండి. రెండు పనుల దారిలో 71, 62.5 సరిపోతాయి. అయితే ఆ రెండు సర్టిఫికెట్లలోనూ పని పేరు చూడండి.

గుణుపూర్_పంపులు
62.5 లక్షలదానిలో "సివిల్ పనులు" అని మాత్రమే రాశారు.

బరంపురం_బిడ్_డెస్క్
అదే చిక్కు. పరిశీలించే ఆయన దాన్ని తాగునీటి పనిగా ఎందుకు ఒప్పుకోవాలి? పని ఇచ్చిన ఆఫీసు నుంచే పని స్వభావం రాయించి కొత్త సర్టిఫికెట్ తెచ్చుకోండి. కుదరకపోతే ఫైనల్ బిల్లు, పంపులు, ట్యాంకు కనబడే రేట్ల షెడ్యూల్ జత చేయండి. అందులో తాగునీటి భాగం విడిగా 60 లక్షలు దాటుతుందో లేదో లెక్కేయండి, కలిపి చూపిస్తే ప్రశ్న వస్తుంది.

"అన్నీ సకాలంలో" తీసేయండి. ఒక్క పనికి గడువు పొడిగించినా అది అబద్ధమవుతుంది. దాని బదులు ఇలా రాయొచ్చు: "ఈ పని ఒప్పంద గడువు ఫలానా తేదీ, పూర్తయింది ఫలానా తేదీ, జరిమానా లేకుండా పొడిగింపు ఇచ్చారు, పేజీ 41." చూడ్డానికి చప్పగా ఉంటుంది, కానీ మార్కులు వేసే మనిషికి కాగితం చేతిలో ఉంటుంది. టర్నోవర్ అయితే సీఏ సర్టిఫికెట్‌పై యూడీఐఎన్ ఉందో లేదో చూడండి. ఆ నంబర్ కొట్టి ఎవరైనా ఐసీఏఐ సైట్‌లో సరిచూడొచ్చు.

జయపురం_ఎలక్ట్రికల్స్
మరి సబ్ కాంట్రాక్ట్ 1.05 కోట్లు? 96 దాటిందిగా, ఒక్కదాంతో అయిపోతుంది.

బరంపురం_బిడ్_డెస్క్
ప్రధాన కాంట్రాక్టర్ ఇచ్చిన లెటర్ ఒక్కటీ పెట్టి ఆ దారిలో వెళ్లడం నాకు ఇష్టం లేదు. పని ఇచ్చిన శాఖ సబ్ కాంట్రాక్ట్‌కు అనుమతిచ్చిన కాగితం ఉంటే కొన్ని టెండర్లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

గుణుపూర్_పంపులు
అనుమతి కాగితం ఉందో లేదో వెతకాలి. ప్రీ-బిడ్ మీటింగ్ శుక్రవారం, రాతపూర్వకంగా అడుగుతా.

జయపురం_ఎలక్ట్రికల్స్
పనిలో పని, ఆ 71 లక్షల్లో జీఎస్టీ కలిసిందో లేదో కూడా అడుగు. మా దగ్గర ఒకసారి కలపకుండా లెక్క వేశారు, ఇంకోసారి కలిపి వేశారు.