యాక్సిలరేటర్ నిజంగా పింగ్ తగ్గిస్తోందా? ఎలా తేల్చుకోవాలి?

హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్‌తో, లాన్ కేబుల్ పెట్టుకుని వాలరెంట్ ముంబై సర్వర్‌లో ఆడుతున్నాను. పగలు పింగ్ 28 దగ్గర నిలకడగా ఉంటుంది. రాత్రి తొమ్మిది దాటితే 85కు ఎగబాకుతుంది. తుపాకీ పేల్చాక శత్రువు పడేలోపు నేనే పడిపోతున్నాను.

ఒక గేమింగ్ యాక్సిలరేటర్‌ను ఉచిత గడువులో వాడి చూస్తున్నాను. దాని తెరపై 31 అని పచ్చగా మెరుస్తుంది, ఆటలో మాత్రం 60 నుంచి 90 మధ్య ఊగుతుంది. ఆ 31 వాళ్ల దగ్గరి నోడ్ వరకే కొలిచిందని నా అనుమానం.

దూరాన్ని ఏ సేవా తగ్గించలేదు. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది కనుక ముంబైకి వెళ్లి రావడానికి ఏడెనిమిది మిల్లీసెకన్లు తప్పవు. రాత్రిపూట డేటా చుట్టుదారినో, మధ్యలో రద్దీగా ఉన్న దారినో పోతుంటేనే యాక్సిలరేటర్ లాంటి వీపీఎన్ తరహా సేవ పనికొస్తుంది. రద్దీ మా వీధి లైన్లోనే ఉంటే అదనపు మజిలీ తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఆ తేడా తెలుసుకోవడానికి పగలూ రాత్రీ `tracert` నడిపి, ఆలస్యం ఏ హాప్ దగ్గర మొదలై చివరిదాకా కొనసాగుతోందో పోల్చితే చాలా? యాక్సిలరేటర్ ఆట ట్రాఫిక్‌ను మాత్రమే మళ్లిస్తే, విండోస్‌లో ఇచ్చే `ping` ఆ దారిలో వెళ్లదు కదా? అందుకే ఒకే రాత్రి, ఒక మ్యాచ్ ఆన్‌లో, తర్వాతిది ఆఫ్‌లో ఆడుతూ ఆటలోని గ్రాఫ్‌నే రాసుకుందామనుకుంటున్నాను. సగటు ఒక్కటే చూడాలా, ప్యాకెట్ లాస్, ఎగుడుదిగుళ్లు కూడా లెక్కించాలా? ఇలా కొలిచి చూసినవారు చెప్పగలరా?